నా భార్య చేసిన వాషింగ్ మెషీన్ కంట్రోలర్

నా భార్య ముప్పై రెండేళ్ల వయసులో నా ల్యాబ్‌లో విద్యార్థిగా చేరింది. నేను హిందూపురం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఆమెది ధర్మవరం. పెళ్లికి ముందే పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, కొన్నాళ్లు పారిశ్రామికవాడలో సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేసింది. పెళ్లయ్యాక మానేసింది. పిల్లల కోసం చాలాకాలం ఆసుపత్రుల చుట్టూ తిరిగాం. ఒకరోజు పొద్దున పెనుకొండలో మా అద్దె ఇంటి వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతూ, "ఇంక ఆసుపత్రులు చాలప్పా. నేను ఈసెట్ రాస్తా, బీటెక్ చేస్తా," అంది. నేను సరే అన్నాను. ర్యాంకు మంచిదే వచ్చింది. కౌన్సెలింగ్‌లో సీటు మా కాలేజీలోనే పడింది. ఆ కాగితం చూసి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయితే నిన్ను సార్ అని పిలవల్ల," అంది.

పిలిచింది కూడా. కాలేజీ గేటు దాటితే నేను సార్‌ని. ఇంటికొస్తే మళ్లీ ఏమప్పా. రెండో సంవత్సరంలో నేరుగా చేరిన ఆమెను క్లాసులో పిల్లలందరూ అక్కా అనేవాళ్లు. ల్యాబ్‌లో ఆమెకు జోడీగా వచ్చింది సోమందేపల్లి అమ్మాయి. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్ల, వాళ్ల నాయన గొర్రెలు మేపుతాడు. పొద్దున మేము పెనుకొండలో బస్సెక్కితే ఆ పిల్ల సోమందేపల్లిలో ఎక్కి తిన్నగా మా ఆవిడ పక్కకు వచ్చేది. అప్పటికే అక్కడ కూర్చుని ఉన్న నేను లేచి వెనక సీటుకు పోయేవాణ్ని. హిందూపురం దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు.

ఆ సెమిస్టర్ డిజిటల్ ల్యాబ్‌లో ప్రయోగాల్లో ఒకటి వాషింగ్ మెషీన్ కంట్రోలర్. ప్రశ్న చిన్నదే. మెషీన్ మొదట ఖాళీగా ఉంటుంది. స్టార్ట్ నొక్కితే నీళ్లు నింపుకునే దశకు పోవాలి. అక్కడి నుంచి ఉతకడం, జాడించడం, పిండడం, మళ్లీ ఖాళీ. ఒక దశ నుంచి ఇంకో దశకు కదిలేది టైమర్ సంకేతం వచ్చినప్పుడే. రాకపోతే ఉన్నచోటే ఉండాలి. ఏ దశలో ఉంటే ఆ దశ లైటు వెలగాలి. దీన్ని ముందు కంప్యూటర్ మీద కోడ్‌గా రాసి, సిమ్యులేషన్‌లో సరిచూసుకుని, ఆ తర్వాత బోర్డు మీద ఉన్న చిప్‌లోకి దింపాలి. అప్పుడు ఆ చిప్ మనం రాసినట్టే నడుస్తుంది. ల్యాబ్‌లో నిజం టైమర్ ఉండదు. బోర్డు మీద ఒక చిన్న బటన్ ఉంటుంది, దాన్ని నొక్కితే టైమర్ సంకేతం వచ్చినట్టు లెక్క.

నేను ప్రశ్న చదివి వినిపించగానే ఆమె చెయ్యెత్తింది.

"సార్, కొళాయి సన్నగా వచ్చే ఊర్లో ఎట్ల? టైమర్ అయిపోతాది, తొట్టి సగమే నిండింటాది. నీళ్లు లేకుండానే ఉతుకుతాదా?"

క్లాసు నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. పెనుకొండలో మా కొళాయి సంగతే అది. ఇంట్లో వాడే మెషీన్లలో నీటిమట్టం చూసే స్విచ్ వేరే ఉంటుందని, నీళ్లు నిండేదాకా అది కదలనివ్వదని, మన ప్రశ్నలో మాత్రం టైమర్ ఒక్కటే ఇన్‌పుట్ కాబట్టి అది మోగేలోపు తొట్టి నిండుతుందని అనుకోవాలని చెప్పాను. "అనుకుంటాం సార్," అని కూర్చుంది.

వాళ్లిద్దరి కోడ్ సిమ్యులేషన్‌లో చక్కగా నడిచింది. బోర్డులోకి దింపాక నడవలేదు. స్టార్ట్ నొక్కితే నింపే దశ లైటు వెలిగింది. టైమర్ బటన్ నొక్కగానే అది ఆరిపోయి, తిన్నగా ఖాళీ దశ లైటు వెలిగింది. ఉతకడం, జాడించడం, పిండడం మచ్చుకైనా కనిపించలేదు. మళ్లీ చేశారు, మళ్లీ అంతే.

ఎందుకో నాకు తెలుసు. ఏటా సగం జట్లు ఇక్కడే ఆగిపోతాయి. బోర్డు మీది క్లాక్ సెకనుకు కోట్ల సార్లు కొట్టుకుంటుంది. మనిషి వేలు ఎంత చప్పున తీసినా బటన్ కొన్ని లక్షల దెబ్బల సేపు నొక్కే ఉంటుంది. ప్రతి దెబ్బకూ టైమర్ అయిపోయిందని చిప్ అనుకుని, దశలన్నీ కంటికి ఆనకుండా దాటేసి ఖాళీకి చేరుతుంది. సిమ్యులేషన్‌లో వాళ్లు ఆ సంకేతాన్ని ఒక్క దెబ్బ సేపే ఇచ్చారు కాబట్టి అక్కడ బాగానే నడిచింది. నేను చెప్పలేదు. ఏ జట్టుకూ మొదటి రోజు చెప్పను. సాయంత్రం బస్సులో నేను నోరు తెరవబోతే, "చెప్పొద్దు నువ్వు," అంది ముందే. "చెప్తే రేపు పిల్లోళ్లు, ఇంట్లో చెప్పించుకుంటాది అక్క అంటారు."

రెండు రోజులు ఇద్దరూ దాని మీదే పడ్డారు. బటన్ ఇప్పుడు నొక్కి ఉందా అని మాత్రమే కాకుండా, కిందటి దెబ్బకు నొక్కి లేదు కదా అని కూడా చూడాలని పట్టుకున్నారు. అంటే నొక్కిన ఆ ఒక్క క్షణానికే ఒక అడుగు. ఇంకా ఎంతసేపు పట్టుకున్నా కదలకూడదు. అలా మార్చాక లైట్లు వరసగా నడిచాయి, కానీ అప్పుడప్పుడు ఒక దశ ఎగిరిపోయేది. నింపడం నుంచి జాడించడానికి దూకేది. అది బటన్ లోపలి రేకు అదరడం, బౌన్స్ అంటాం. ఒకసారి నొక్కితే రేకు తాకి, విడిచి, మళ్లీ తాకి కుదురుకుంటుంది. చిప్‌కు అది రెండు నొక్కుళ్లలా కనిపిస్తుంది. దానికి బటన్‌ను అన్ని దెబ్బలకూ చూడకుండా, రేకు కుదురుకునేంత ఎడం ఇచ్చి చూడాలి. ఇదీ వాళ్లే పట్టుకున్నారు. ఆ రోజు ఒక్కో నొక్కుకు ఒక్కో లైటు వెలుగుతుంటే సోమందేపల్లి పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. ఆమె నా వైపు చూసి, "సార్, సంతకం," అంది, ఎవరో తెలియనట్టు.

కడుపు ఉబ్బరంగా ఉందని ఆమె అనడం ఆ నెలలోనే మొదలైంది. వేళ తప్పిన భోజనం వల్ల అనుకున్నాం. హిందూపురంలో స్కాన్ తీసిన డాక్టరమ్మ బెంగళూరుకు పొమ్మంది. అక్కడ అండాశయంలో క్యాన్సర్ అన్నారు. కడుపులోకి పాకింది అన్నారు. ముందు కొన్ని విడతలు మందు ఎక్కించి, గడ్డలు తగ్గితే ఆపరేషన్ చేస్తామన్నారు. తిరుగు రైల్లో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. హిందూపురం దాటాక, "ల్యాబ్ ఎగ్జామ్ రాయనిస్తారా?" అని అడిగింది.

మా హెచ్‌ఓడీ మంచి మనిషి. హాజరు సంగతి తాను చూసుకుంటానన్నాడు. మూడు వారాలకొకసారి బెంగళూరు పోయేవాళ్లం. మందు ఎక్కిన మొదటి వారం ఆమె చాప మీది నుంచి లేవలేకపోయేది. రెండో వారం లేచి రసం అన్నం తినేది. మూడో వారం తలకు గుడ్డ కట్టుకుని బస్సెక్కేది. జుట్టు పోయిన మొదటిరోజు, సోమందేపల్లి పిల్ల బస్సెక్కి ఆమెను చూసి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. హిందూపురం దాకా వదల్లేదు.

ఇంట్లో బట్టలు ఉతికే పని నాకొచ్చింది. ఒకరోజు మెషీన్ వేసి వంటింట్లోకి పోతే, ఆమె చాప మీది నుంచి పిలిచింది.

"అప్పా, అది ఇంకా నింపుతానే ఉండాది. కొళాయి చూడు."

కొళాయి నిజంగానే సన్నబడింది. నేను బిందెతో పోశాను.

"చూడు, ఇది కాచుకుంటాండాది. మాది అయింటే పొడి బట్టలు ఉతికేది," అని నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది.

ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్ష నాటికి నాలుగు విడతలు అయ్యాయి. సొంతవాళ్లు రాసే పరీక్షలో మేము ఉండకూడదు. హెచ్‌ఓడీ ఆ రోజు ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా ఇంకొకాయన్ను వేసి, నన్ను కింద అంతస్తులోని ఇంకో ల్యాబ్‌కు పంపాడు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ అనంతపురం వైపు కాలేజీ ఆయన. వయసు మళ్లిన మనిషి, కాస్త కటువుగా మాట్లాడతాడని పేరు. ఆమె సంగతి ఆయనకు చెప్పొద్దని ఆమే హెచ్‌ఓడీని అడిగింది. జాలి మార్కులు వద్దంది. మెట్లు ఎక్కే ముందు ఆమె చేతికి నీళ్ల సీసా ఇచ్చాను. మూత నువ్వే కొంచెం వదులు చేసి ఇవ్వు అంది. చేశాను. దాని గురించి నేనేమీ ఆలోచించలేదు.

పైన జరిగింది నేను చూడలేదు. మొదట ఆ ఎగ్జామినర్ చెప్పాడు, తర్వాత సోమందేపల్లి పిల్ల చెప్పింది.

చీటీల్లో ఆమెకు వాషింగ్ మెషీనే వచ్చింది. ఆ పిల్ల పక్క బల్ల దగ్గర వేరే ప్రయోగం చేస్తోంది. ఆమె దశల బొమ్మ గీసింది, పట్టిక రాసింది, కోడ్ రాసింది. సిమ్యులేషన్ సరిగ్గా వచ్చింది. బోర్డులోకి దింపి ఎగ్జామినర్‌ను పిలిచింది. ఆయన వచ్చి నిలబడ్డాడు. స్టార్ట్ నొక్కింది, నింపే లైటు వెలిగింది. టైమర్ బటన్ నొక్కింది. జాడించే లైటు వెలిగింది. ఉతికే దశ ఎగిరిపోయింది.

"రీసెట్ చేసి మళ్లీ నొక్కండి," అన్నాడాయన.

మళ్లీ నొక్కింది. ఈసారి ఒకటి సరిగ్గా కదిలింది, ఆ తర్వాతది ఎగిరిపోయింది.

"బటన్ బౌన్స్ చూసుకోలేదమ్మా మీరు. ల్యాబ్‌లో చెప్పలేదా మీ సార్?"

"చూసుకున్యా సార్. ఈడ ఉండాది చూడండి," అని ఆమె కోడ్‌లో ఆ వరసలు చూపించింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. వరసలు సరిగ్గానే ఉన్నాయి. మరి ఎందుకు దూకుతోందో ఆయనకూ అంతుపట్టలేదు. బోర్డు మార్చి ఇవ్వమన్నాడు. కొత్త బోర్డులోనూ అలాగే దూకింది. అప్పటికి ఆమెకు చెమటలు పట్టాయి. ఇంటర్నల్ ఆయన వీపు ఆనించుకునే కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు. బోర్డును చూస్తూ కాసేపు అలాగే నిలబడి, తర్వాత తన చేతిని ఎత్తి చూసుకుందట.

"సార్, మీరు నొక్కుతారా?" అంది.

"నేనెందుకమ్మా నొక్కేది?"

"కోడ్‌లో తప్పు లేదు సార్. నా వేళ్లకు తెలీడం లేదు. ఒకసారి నొక్కినా అనుకుంటా, చెయ్యి అదిరి రెండుసార్లు నొక్కుతాండా. నొక్కినట్టూ తెలీదు, విడిచినట్టూ తెలీదు."

ఎగ్జామినర్ ఆమె తలకు కట్టిన గుడ్డ వైపు అప్పుడు చూశాడట. వంగి తన వేలితో స్టార్ట్ నొక్కాడు. నింపడం. టైమర్ బటన్ నొక్కాడు. ఉతకడం. మళ్లీ. జాడించడం. మళ్లీ. పిండడం. మళ్లీ నొక్కితే ఖాళీ దశ లైటు. బటన్‌ను కావాలని చాలాసేపు పట్టుకుని చూశాడు. ఒక్క అడుగే కదిలింది. దడదడా నొక్కితే మాత్రం కొన్ని దశలు గబగబా దాటింది. "అది సరేలేమ్మా. అన్నిసార్లు నేనే నొక్కినా కదా," అన్నాడు. తర్వాత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ అడిగాడు. ఐదు దశలను గుర్తుపెట్టుకోవడానికి ఎన్ని ఫ్లిప్‌ఫ్లాప్‌లు కావాలి, మూడు పెడితే వచ్చే ఎనిమిదింటిలో మిగిలిపోయే మూడు స్థితుల్లోకి పొరపాటున పోతే ఏం చేస్తావు అని. అట్లా పోతే ఖాళీకి తెచ్చేట్టు రాసినా సార్ అని ఆమె చెప్పింది.

పరీక్ష అయ్యాక ఆయన కిందికి దిగి నా ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను బయటికి వచ్చాను.

"మీ ఆవిడంట కదా. మార్కులు ఆమె చేసినదానికే వేసినానప్పా, వేరే దానికి కాదు," అన్నాడు. "ఆ వేళ్లకు ఏమైంది? మందుల వల్లనా?"

"వేళ్లకా?" అన్నాను.

ఆయన నా మొహం చూసి అప్పుడు చెప్పాడు. బటన్ సంగతంతా చెప్పి, "మీకు తెలిసింటాదనుకున్యా," అన్నాడు. చుట్టూ పిల్లలు ప్రింట్లు పట్టుకుని అటూ ఇటూ పోతున్నారు. నాకు ఎటు చూడాలో తెలియలేదు. నేను రోజూ పక్కన పడుకునే మనిషి వేళ్లకు స్పర్శ పోయిందని ముక్కూమొహం తెలియని ఒక మనిషి చెబుతున్నాడు.

మెట్ల దగ్గర సోమందేపల్లి పిల్ల ఎదురైంది. ఏడ్చినట్టుంది.

"నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు సార్. టిఫిన్ బాక్స్ నేనే తీసిస్తాంటి. పెన్ను జారిపోతే రికార్డు కూడా మెల్లగా రాసేది. మీకు చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకున్యాది."

సాయంత్రం బస్సులో ఆ పిల్ల మా దగ్గరికి రాకుండా ముందు సీట్లో కూర్చుంది. సోమందేపల్లిలో ఆ పిల్ల దిగిపోయాక నేను మా ఆవిడ చెయ్యి నా ఒళ్లోకి తీసుకున్నాను. ఒక్కో వేలి కొనా గిల్లాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ఏ వేలిని గిల్లుతున్నానో ఆమెకు తెలియలేదు.

"ఎప్పటినుంచి?"

"రెండో మందు అయినాక మొదలైంది. కాళ్లు కూడా."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నువ్వు డాక్టర్‌కు చెప్తావు. డాక్టర్ మందు తగ్గిస్తాడు. ఆడ నా పక్క మంచంలో ఇంకొకామెకు అట్లే తగ్గించినారు, చూసినా," అంది. "మందు తగ్గిస్తే ఎట్లప్పా నేను బతికేది? వేళ్లు పోతే పోనీ," అంది.

పెనుకొండ కొండ కనిపించేదాకా ఆ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. ఆ పట్టుకోవడమైనా ఆమెకు ఎంత తెలిసిందో నాకు తెలియదు. మణికట్టు దగ్గర పట్టుకున్నాను, అక్కడ తెలుస్తుందని.

తర్వాతి విడతకు డాక్టరుకు నేనే చెప్పాను. ఆమె నా మీద కోపగించుకోలేదు. డాక్టరు స్కాన్ తీయించాడు. గడ్డలు తగ్గలేదు, పెరిగాయి. ఆ మందు తగ్గించడం కాదు, పూర్తిగా మార్చాలన్నాడు. మార్చాడు. వేళ్లు అంతగా మొద్దుబారినా ఓర్చుకుని ఆమె ఎక్కించుకున్న మందు మొదటినుంచీ పని చేయలేదని ఆ గదిలో కూర్చుని ఆమె విన్నది. రైల్లో నా భుజం మీద తల పెట్టుకుని పడుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నిద్రపోయింది.

మార్చిన మందూ పని చేయలేదు. వాళ్లమ్మ దగ్గర ఉంటానంటే ధర్మవరం తీసుకుపోయాను. వాళ్లమ్మ పట్టు దారం చుట్టే రాట్నం ఉన్న ముందు గదిలోనే మంచం వేయించింది. సోమందేపల్లి పిల్ల ఆదివారాలు వచ్చేది. వచ్చినప్పుడల్లా కాలేజీ సంగతులు, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదు, కొత్తగా వచ్చిన మేడం ఎట్లా చెబుతోంది, అవన్నీ చెప్పేది. ఆమె కళ్లు మూసుకుని వినేది. చివరి వారాల్లో ఆమె అన్నం నేనే తినిపించాను. నీళ్లు గ్లాసుతో కాకుండా చెంచాతో పోసేవాళ్లం. ఒకరోజు పొద్దున, వాళ్లమ్మ రాట్నం ముందు కూర్చుని ఉండగానే, నేను దుప్పటి సర్దుతుండగా, పోయింది. ఏమీ చెప్పలేదు. చెబుతుందని నేను కాచుకుని కూర్చున్న రోజులన్నీ ఆమె ఎక్కువగా నిద్రలోనే ఉంది.

సెమిస్టర్ ఫలితాలు ఆ తర్వాత వచ్చాయి. ఆ పిల్లే ఫోన్ చేసింది. ల్యాబ్ పరీక్ష తర్వాత ఆమె ఎట్లాగో రాసిన థియరీ పేపర్లలో రెండు పోయాయి, మిగతావి పాసయ్యాయి. ల్యాబ్‌లో మంచి మార్కులు వచ్చాయి. చెప్పాలా వద్దా అని ఉదయం నుంచి ఆలోచించానని ఆ పిల్ల అంది. చెప్పి మంచి పని చేశావన్నాను.

మరుసటి ఏడు హెచ్‌ఓడీ నన్ను పిలిచి, ఆ ల్యాబ్ ఇంకొకరికి ఇస్తానని అన్నాడు. ఒక సెమిస్టర్ వద్దనుకున్నాను. తర్వాత మళ్లీ నేనే తీసుకున్నాను. ప్రశ్న మార్చలేదు. అదే నింపడం, ఉతకడం, జాడించడం, పిండడం. పిల్లలు అక్కడే ఆగిపోతారు. మొదటి రోజు చెప్పకుండా ఉండే అలవాటు మాత్రం పోయింది. ఎవరైనా బటన్ నొక్కి లైట్లు దూకుతున్నాయని పిలిస్తే, పోయి పక్కన నిలబడి, కారణం చెప్పేస్తున్నాను. వాళ్లే కనుక్కునేదాకా చూసే ఓపిక నాలో లేదు.

పండగలకు ధర్మవరం పోతూనే ఉన్నాను. అత్త ఇప్పుడు రాట్నం వేరే గదిలోకి మార్చింది. నేను పోతే ఉగ్గాని చేస్తుంది, తిన్నాక మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పోయినసారి చేతులు కడుక్కుని వస్తుంటే, "ఏం నాయనా, పెనుకొండలో ఒక్కడివే ఎట్ల చేసుకుంటాండావు? ఈడికే వచ్చేయరాదా?" అంది. ఇక్కడి నుంచి కాలేజీ దూరమవుతుంది అత్తా అన్నాను. "దూరమే," అంది. కాసేపయ్యాక లేచి దారం చుట్టుకోవడానికి లోపలికి పోయింది. సాయంత్రం రైలుకు ఇంకా చాలా టైముంది. నేను ఆ ముందు గదిలో, మంచం తీసేసిన చోట, గోడకు ఆనుకుని కూర్చున్నాను.